మూడు రోజుల తేడా: ఒకే అమ్మకం, మూడు లెక్కలు

మాస్టారు మా ఆఫీసుకు 2026 జనవరి మూడో వారంలో వచ్చారు. ఇంటర్‌లో మాకు లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పుడు వయసు 64. ప్రతి ఏడూ ఆయన రిటర్ను నేనే వేస్తాను. పెన్షన్ ఒక్కటే కాబట్టి పది నిమిషాల పని. ఈసారి మాత్రం ఆయన చేతిలో బ్రోకర్ పంపిన ట్యాక్స్ రిపోర్టు ఉంది. దాని మీద ఎర్ర ఇంకుతో రెండు చోట్ల సున్నా చుట్టారు.

"ఏమోయ్, నేను ఆగస్టులో అమ్మిన 600 షేర్లలో ఓ వంద తప్ప మిగతావన్నీ ఏడాది దాటినవే. వీడు షార్ట్ టర్మ్ లాభం 2,18,000 అని వేశాడేంటి?" అన్నారు కూర్చుంటూనే.

రెండో సున్నా చుట్టిన చోట లాంగ్ టర్మ్ లాభం 3,00,000 అని ఉంది. ఆ వరుసలో కొన్న ధర గడిలో 0.00. ఫ్రీగా వచ్చిన షేర్లు కావవి, డబ్బు పెట్టి కొన్నవే.

ఈ రెండు అంకెల్లో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. ఏది ఏదో తేల్చాలంటే రిపోర్టు పక్కన పెట్టి, కొన్నప్పుడూ అమ్మినప్పుడూ బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్లు తీయాలి. మాస్టారు లెక్కల మనిషి కదా, అన్నీ ఫైల్లో కుట్టి పెట్టుకున్నారు. కంపెనీ పేరు మనకు అవసరం లేదు. ఒకే కంపెనీ, మూడు సార్లు కొన్నారు.

మొదటిసారి 2017 జూన్ 12న 200 షేర్లు, ఒక్కోటి 310 రూపాయలకు. రెండోసారి 2024 ఆగస్టు 14న 300 షేర్లు, 900కి. మూడోసారి 2025 మార్చి 17న 250 షేర్లు, 1,120కి. మొత్తం 750. అందులో 600 షేర్లు 2025 ఆగస్టు 11న ఒకే ఆర్డరులో 1,500 చొప్పున అమ్మేశారు. చేతికి వచ్చింది 9,00,000. అమ్మాయి పెళ్లికి ఫంక్షన్ హాలు అడ్వాన్సు కట్టాలని అమ్మారట.

ఏ షేర్లు అమ్మినట్టు?

డీమ్యాట్ ఖాతాలో షేర్లకు వేరే వేరే గుర్తులేమీ ఉండవు. "నేను పాతవి ఉంచుకుని కొత్తవి అమ్మాను" అంటే కుదరదు. ముందు ఖాతాలోకి వచ్చినవే ముందు అమ్ముడైనట్టు లెక్క. 1961 ఆదాయ పన్ను చట్టం 45(2ఏ) సెక్షన్ చెప్పేది ఇదే. ఇది ఏ డీమ్యాట్ ఖాతాకు ఆ ఖాతాగా చూడాలి. రెండు ఖాతాలుంటే రెండు వేరే వరుసలు.

కాబట్టి మాస్టారి 600 ఇలా విడిపోతాయి: 2017 నాటి 200 మొత్తం, 2024 ఆగస్టు నాటి 300 మొత్తం, 2025 మార్చి వాటిలో 100. మార్చివి 150 ఇంకా ఖాతాలోనే ఉన్నాయి. ఇక్కడి దాకా ఆయన లెక్కా రిపోర్టు లెక్కా ఒకటే.

తేడా వచ్చింది మధ్యలో ఉన్న 300 దగ్గర.

లిస్టెడ్ షేర్లు లాంగ్ టర్మ్ కావాలంటే 12 నెలలకు మించి ఉంచుకోవాలి. పన్నెండు నెలలు నిండడం కాదు, మించాలి. కొన్నది 2024 ఆగస్టు 14. అమ్మింది 2025 ఆగస్టు 11. మూడు రోజులు తక్కువ.

"నాకు డబ్బు బ్యాంకులో పడింది 14నే కదయ్యా!" అన్నారు. పాస్‌బుక్ కూడా తెచ్చారు, నిజంగానే 14న జమైంది. బ్రోకర్ ఖాతాలోకి 12నే వచ్చింది, ఆయన విత్‌డ్రా చేసుకునేసరికి 14 అయింది. కానీ డబ్బు ఎప్పుడొచ్చిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. కొనడానికైనా అమ్మడానికైనా కాంట్రాక్ట్ నోట్ మీదున్న ట్రేడ్ తేదీనే తీసుకోవాలి. డీమ్యాట్‌లోకి షేర్లు వచ్చిన తేదీ ఏవి ముందు, ఏవి వెనక అని వరుస తేల్చడానికే. ఎన్నాళ్లు ఉంచుకున్నారన్నది కాంట్రాక్ట్ నోట్ నుంచే లెక్కపెట్టాలి. నిజానికి ఇది ఆయనకు లాభమే. 2024 ఆగస్టు 15 సెలవు కావడంతో ఆ షేర్లు ఖాతాలోకి వచ్చింది 16న.

మరి ఎప్పుడు అమ్మి ఉంటే సరిపోయేది? సరిగ్గా 14న అమ్మితే "మించింది" అనొచ్చా లేదా అని వాదన పెట్టుకోవడం ఎందుకు? నేనైతే ఎప్పుడూ ఒక రోజు అదనంగా వదలమంటాను. 15 శుక్రవారం స్వాతంత్ర్య దినోత్సవం, మార్కెట్ లేదు. 16, 17 శని ఆదివారాలు. అంటే 18, సోమవారం. ఒక్క వారం ఆగాల్సింది.

సున్నా ధర కథ

రెండో అంకె సంగతి వేరు. 2017లో కొన్న 200 షేర్లు అప్పట్లో వేరే బ్రోకర్ దగ్గర ఉండేవి. 2023లో ఖాతా మార్చుకున్నప్పుడు వాటిని కొత్త డీమ్యాట్‌కు బదిలీ చేయించారు. షేర్లు వచ్చాయి గానీ వాటి కొన్న ధర వెంట రాలేదు. కొత్త బ్రోకర్ సాఫ్ట్‌వేర్‌కు ఆ వివరం మనం ఎక్కించాలి. ఎక్కించకపోతే సున్నా అని చూపిస్తుంది. తేదీ కూడా బదిలీ రోజుదే పడింది. బదిలీ జరిగి రెండేళ్లు దాటింది కాబట్టి ఇక్కడ లాంగ్ టర్మ్ అనే తేలింది. అదే గత ఏడాదిలో బదిలీ చేసుకుని ఉంటే 2017 నాటి షేర్లను షార్ట్ టర్మ్ అని చూపించేది. సొంత ఖాతాల మధ్య బదిలీ అమ్మకం కాదు, కొన్న తేదీ మారదు. రిపోర్టులో కొన్న ధర సున్నా గానీ, మీకు గుర్తున్న ధరకు పొంతన లేని అంకె గానీ కనిపిస్తే మొదట అడగాల్సిన ప్రశ్న: ఈ షేర్లు వేరే ఖాతా నుంచి వచ్చాయా?

ఆదాయ పన్ను శాఖ మన లావాదేవీలన్నీ చూపించే ఏఐఎస్ కూడా తెరిచి చూశాను. అమ్మకం మొత్తం 9,00,000 సరిగ్గానే ఉంది. దాన్ని సరిచూసుకోవడానికి వాడతాను. కొన్న ధర కోసం మాత్రం దాని మీద ఆధారపడను.

అయితే ఆ 200కి కొన్న ధరగా 310 వేసేస్తే మాస్టారికి నష్టం. 2018 మార్చి నెలాఖరు దాకా, షేర్ల లావాదేవీ మీద పడే ఎస్టీటీ పన్ను కట్టి అమ్మిన లిస్టెడ్ షేర్ల మీద లాంగ్ టర్మ్ లాభానికి పన్నే లేదు. 2018 ఫిబ్రవరి 1 బడ్జెట్‌లో పన్ను తెచ్చినప్పుడు, అప్పటిదాకా పెరిగిన విలువను వదిలేశారు. అందుకే 2018 జనవరి 31 దాకా కొన్న షేర్లకు ఆ రోజు ఎక్స్ఛేంజ్‌లో పలికిన అత్యధిక ధరను చూడాలి. మాస్టారి షేరు ఆ రోజు 440 దాకా వెళ్లింది.

లెక్క రెండు మెట్లు. ముందు జనవరి 31 ధర, అమ్మిన ధర, ఈ రెండింటిలో తక్కువది తీసుకోవాలి. తర్వాత దాన్ని అసలు కొన్న ధరతో పోల్చి ఎక్కువది తీసుకోవాలి. ఇక్కడ 440, 1,500లో తక్కువది 440. 440, 310లో ఎక్కువది 440. అంటే 200 షేర్లకు ఖరీదు 88,000. లాభం 2,12,000.

మొదటి మెట్టు ఎందుకో మాస్టారికి వెంటనే పట్టుబడలేదు. కాగితం మీద వేసి చూపించాను. అదే షేరు 400కి అమ్మారనుకోండి. నేరుగా 440 ఖరీదు వేస్తే 40 నష్టం వస్తుంది, కానీ ఆయన 310కి కొన్నారు, నిజంగా నష్టపోలేదు. రెండు మెట్లలో వెళితే ఖరీదు 400 అవుతుంది, లాభం సున్నా, నష్టమూ సున్నా. 250కి అమ్మి ఉంటే ఖరీదు 310, నష్టం 60, అది నిజమైన నష్టం. కాగితం నష్టం పుట్టకుండా ఆ మెట్టు కాపలా అన్నమాట. "బావుంది, మిన్, మాక్స్" అని నవ్వారు.

సున్నా ధరతో రిటర్ను వేసి ఉంటే 88,000 అదనపు లాభం మీద 12.5 శాతం, అంటే 11,000 ఊరికే పోయేది.

ఇప్పుడు పన్ను

రేట్లు 2024 జూలై 23 నుంచి మారాయి. అంతకు ముందు షార్ట్ టర్మ్ 15 శాతం, లాంగ్ టర్మ్ 10 శాతం, లాంగ్ టర్మ్‌లో ఏడాదికి లక్ష దాకా పన్ను లేదు. ఇప్పుడు షార్ట్ టర్మ్ 20, లాంగ్ టర్మ్ 12.5, మినహాయింపు 1,25,000. రెండు రేట్లూ పెరిగాయనే అందరూ చెప్పుకున్నారు. నాకు ముఖ్యంగా తోచేది వాటి మధ్య దూరం. అది 5 నుంచి 7.5 అయింది. ఏడాది నిండకముందే అమ్మినందుకు పడే దెబ్బ ఒకటిన్నర రెట్లయింది.

మాస్టారి అమ్మకం ఇదీ:

| కొన్న తేదీ | షేర్లు | అమ్మిన విలువ | ఖరీదు | లాభం | రకం |
|---|---|---|---|---|---|
| 12-6-2017 | 200 | 3,00,000 | 88,000 | 2,12,000 | లాంగ్ |
| 14-8-2024 | 300 | 4,50,000 | 2,70,000 | 1,80,000 | షార్ట్ |
| 17-3-2025 | 100 | 1,50,000 | 1,12,000 | 38,000 | షార్ట్ |

లాంగ్ టర్మ్ 2,12,000లో 1,25,000 తీసేస్తే 87,000. దాని మీద 12.5 శాతం 10,875. షార్ట్ టర్మ్ 2,18,000 మీద 20 శాతం 43,600. రెండూ కలిపి 54,475, పైన 4 శాతం సెస్. షార్ట్ టర్మ్‌కు 1,25,000 లాంటి మినహాయింపేమీ లేదు, మొదటి రూపాయి నుంచే పన్ను.

బ్రోకరేజీ, ఎక్స్ఛేంజ్ ఛార్జీలు, వాటి మీద జీఎస్టీ లాభంలోంచి తీసేసుకోవచ్చు. మాస్టారిది డిస్కౌంట్ బ్రోకర్ కావడంతో అమ్మకం వైపు అవన్నీ కలిపినా యాభై రూపాయలు దాటలేదు, అందుకే పై పట్టికలో వదిలేశాను. ఆయన చూపించినది 900 రూపాయల ఎస్టీటీ. అది మాత్రం తీసుకోకూడదు. చట్టం ఒప్పుకోదు.

"అదేంటోయ్, 12 లక్షల దాకా పన్ను లేదన్నారుగా? నా పెన్షన్ అంతా కలిపినా 12 దాటదు" అన్నారు తర్వాత. ఈ ఏడాది ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఆయన పెన్షన్ 7,75,000. కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 పోగా 7,00,000. స్లాబ్ ప్రకారం దాని మీద 15,000 పన్ను, అది 87ఏ రిబేటుతో మొత్తం పోతుంది. కానీ రిబేటు స్లాబ్ పన్నుకే. 20 శాతం, 12.5 శాతం లాంటి ప్రత్యేక రేట్ల పన్నుకు అది వర్తించదు. పెన్షన్ మీద సున్నా, షేర్ల మీద పూర్తి పన్ను.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఇతర ఆదాయం ఏమీ లేని వాళ్లకు, దేశంలోనే ఉండేవారైతే, వాడుకోని 4 లక్షల బేసిక్ లిమిట్‌ను ఈ లాభాలకు సర్దుకోవచ్చు. ఇవే షేర్లు మేడమ్ గారు తన సొంత డబ్బుతో కొనుక్కుని ఉంటే పన్ను సున్నా అయ్యేది. అది విని ఆయన "అయితే మిగతావి ఆవిడ పేరుకు..." అని మొదలుపెట్టారు. కుదరదు మాస్టారూ అన్నాను. భార్యకు ఊరికే ఇచ్చిన షేర్ల మీద లాభం తిరిగి భర్త ఆదాయంలోనే కలుస్తుంది.

ఆగి ఉంటే ఎంత మిగిలేది?

ఇది నేను ఆయనకు చెప్పాలనుకోలేదు, ఆయనే అడిగారు. 300 షేర్లను ఆగస్టు 18న అదే 1,500కి అమ్మి ఉంటే 1,80,000 లాభం లాంగ్ టర్మ్ వైపు వెళ్లేది. 1,25,000 మినహాయింపు 2017 షేర్లే వాడేశాయి కాబట్టి దీనికి పూర్తి 12.5 శాతం పడేది: 22,500. ఇప్పుడు పడింది 36,000. తేడా 13,500.

అయితే "అదే 1,500కి" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. వారం ఆగితే ధర పడొచ్చు కదా. ఎంత పడేదాకా ఆగడం లాభం? ఒక్క షేరు తీసుకుందాం. 11న అమ్మితే లాభం 600, పన్ను 120, చేతికి 1,380 మిగులుతుంది. ఆగి అమ్మినప్పుడు పన్ను పోగా అదే 1,380 మిగలాలంటే ధర కనీసం ఎంతుండాలి?

```
P - 0.125 × (P - 900) = 1380
0.875 × P = 1267.5
P ≈ 1449
```

అంటే షేరు 51 రూపాయలు, సుమారు 3.4 శాతం, పడినా నష్టం లేదు. అంతకంటే ఎక్కువ పడితే తొందరపడి అమ్మడమే మంచిదయ్యేది. ఓ షేరు వారంలో 3 శాతం కదలడం పెద్ద వింత కాదు, అందుకే ఏడాది నిండడానికి మూడు నెలలున్నప్పుడు పన్ను కోసం ఆగమని నేను ఎవరికీ చెప్పను. వారం అంటే మాత్రం చెబుతాను. పైగా లాభం చిన్నదైతే ఈ వెసులుబాటు ఇంకా తగ్గిపోతుంది. మార్చిలో కొన్న 1,120 షేరుకు ఇదే లెక్క వేస్తే 33 రూపాయలు కూడా రాదు.

మాస్టారి విషయంలో బాధ కలిగించేది ఇంకొకటి. ఆగస్టులో హాలుకు కట్టింది 3 లక్షలే. మిగతా ఆరు లక్షలు సెప్టెంబరు దాకా సేవింగ్స్ ఖాతాలోనే ఉన్నాయి. 11న 200 అమ్మితే సరిపోయేది.

మిగిలిన రెండు నెలల్లో చేసిన పని

జరిగిన అమ్మకాన్ని మార్చలేం. కానీ ఆర్థిక సంవత్సరం ఇంకా ముగియలేదు. "ఇంకేమైనా షేర్లు నష్టంలో ఉన్నాయా?" అని అడిగాను. ఒకటి ఉంది. 2025 ఫిబ్రవరి 24న 650 చొప్పున 400 షేర్లు కొన్నారు, ఇప్పుడు 500 దగ్గర ఆడుతోంది. "అది పోయిందిలే, మార్చిలో ఎప్పుడో వదిలించుకుంటా" అన్నారు.

మార్చి వద్దు, ఫిబ్రవరి 24 లోపలే అమ్మమన్నాను.

నష్టానికి గడియారం తిరగేసి నడుస్తుంది. షార్ట్ టర్మ్ నష్టాన్ని షార్ట్ టర్మ్ లాభంలోంచి గానీ, లాంగ్ టర్మ్ లాభంలోంచి గానీ తీసేయొచ్చు. లాంగ్ టర్మ్ నష్టాన్ని లాంగ్ టర్మ్ లాభంలోంచి మాత్రమే తీయాలి. ఆయన 60,000 నష్టం ఏడాది దాటకముందు బుక్ అయితే 20 శాతం పన్ను పడే లాభాన్ని తగ్గిస్తుంది, 12,000 మిగులు. మార్చికి పోతే అదే నష్టం 12.5 శాతం లాభాన్ని తగ్గిస్తుంది, 7,500 మిగులు. లాంగ్ టర్మ్ లాభం 1,25,000 లోపే ఉన్నవాళ్లకైతే ఇంకా అన్యాయం. ఎలాగూ పన్ను లేని లాభాన్ని ఆ నష్టం తినేస్తుంది, ఎందుకంటే నష్టం ముందు సర్దాకే మినహాయింపు లెక్కిస్తారు.

ఫిబ్రవరి 20, శుక్రవారం 500కే అమ్మారు. అదే రోజు తిరిగి కొనొద్దని ముందే చెప్పాను. అదే షేరు అదే రోజు అమ్మి కొంటే డెలివరీ జరగదు, అది ఇంట్రాడే లెక్కలోకి పోతుంది. డీమ్యాట్‌లోంచి షేర్లు కదలవు, మనం అనుకున్న నష్టం పుట్టదు.

చివరి లెక్క: షార్ట్ టర్మ్ 2,18,000 నుంచి 60,000 పోగా 1,58,000, దాని మీద 31,600. లాంగ్ టర్మ్ పన్ను 10,875. కలిపి 42,475. సెస్ 1,699. మొత్తం 44,174, పదులకు సర్దితే 44,170. సీనియర్ సిటిజన్, వ్యాపార ఆదాయం లేదు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ టెన్షన్ లేదు, రిటర్నుతో పాటు కడితే చాలు. షార్ట్ టర్మ్ లాభం ఉంది కనుక ఫారం ఐటీఆర్-2. 2017 నాటి 200 షేర్లను `Schedule 112A`లో ఆ షేరును గుర్తించే ఐసిన్ నంబరుతో, 2018 జనవరి 31 ధరతో విడిగా ఎక్కించాలి.

వెళ్లేముందు మిగిలిన ఆ 150 షేర్ల సంగతి అడిగారు. మార్చి 17తో ఏడాది. ధర 1,500 దగ్గరే ఉంటే వాటి మీద లాభం 57,000. ఫిబ్రవరిలో అమ్మితే 20 శాతం, 11,400. మార్చి 18 దాటాక నెలాఖరులోపు అమ్మితే లాంగ్ టర్మే గానీ ఈ ఏటి 1,25,000 అయిపోయింది కాబట్టి 7,125. ఏప్రిల్‌లో, రేట్లు ఇలాగే ఉండి, ఆ ఏడాది వేరే లాంగ్ టర్మ్ లాభం పెద్దగా లేకపోతే సున్నా. మాస్టారు ఎర్ర పెన్ను తీసి, రిపోర్టు వెనక ఆ మూడు అంకెలూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, మూడోదాని చుట్టూ సున్నా చుట్టారు.